నెలలు గడిచినా రివ్యూ రాని పేపర్‌ను జర్నల్ నుంచి మర్యాదగా వెనక్కి తీసుకోవడం ఎలా

జర్నల్‌కు పంపిన పేపర్ నెలల తరబడి కదలకపోతే, ఇంకో జర్నల్‌కు పంపేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. పంపవచ్చు, తప్పేమీ లేదు. కాకపోతే మొదటి జర్నల్ నుంచి దాన్ని వెనక్కి తీసుకున్న తర్వాతే పంపాలి. వెనక్కి తీసుకున్నట్టు అంటే మనం మెయిల్ పెట్టినట్టు కాదు. ‘మీ పేపర్‌ను మా పరిశీలన నుంచి తొలగించాం’ అని జర్నల్ రాతపూర్వకంగా చెప్పినట్టు. ఆ జవాబు వచ్చేదాకా పేపర్ వాళ్ల దగ్గరే ఉన్నట్టు లెక్క.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద ఒక పరిశోధక విద్యార్థిని పేపర్ రాసిందనుకుందాం. రచయితలు ముగ్గురు: ఆమె, ఆమె గైడ్, నీటి నమూనాల విశ్లేషణ చేసిన మరో సంస్థ శాస్త్రవేత్త. 2024 ఫిబ్రవరి 5న ఒక అంతర్జాతీయ జర్నల్‌కు పంపారు. ఏప్రిల్‌లో స్టేటస్ `Under Review` అయింది. ఆగస్టులో ఒకసారి తేదీ మారింది. తర్వాత ఏ కదలికా లేదు. అప్పటి నుంచి ఆమె ఏం చేయాలో వరసగా చూద్దాం.

ముందు, నిజంగా ఆలస్యమైందా?

ఎంత కాలాన్ని ఆలస్యం అనాలో సబ్జెక్టును బట్టి మారుతుంది. గణితంలో రివ్యూయర్ ప్రతి నిరూపణనూ కూర్చుని సరిచూడాలి కాబట్టి ఏడాది పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. రసాయన, జీవ, పర్యావరణ శాస్త్రాల్లో మొదటి నిర్ణయం సాధారణంగా కొన్ని నెలల్లో వస్తుంది. అందుకే స్నేహితుల అనుభవంతో పోల్చుకోవడం కన్నా ఆ జర్నల్ తన గురించి తాను ఏం చెబుతోందో చూడటం మేలు. చాలా జర్నల్స్ తమ పేజీలో `Time to first decision` అని సగటు ఇస్తాయి. అందులో ఒక మెలిక ఉంది. ఎడిటర్ రివ్యూకు పంపకుండానే తిప్పి పంపిన పేపర్లను కూడా ఆ సగటులో కలిపితే అంకె చిన్నదిగా కనిపిస్తుంది. పక్కనే `Review time` అని విడిగా ఉంటే దాన్ని చూడండి. నా లెక్కలో, ఆ కాలానికి రెట్టింపు దాటితే స్టేటస్ అడగవచ్చు. మూడు రెట్లు దాటి, అడిగినా సరైన జవాబు రాకపోతే వెనక్కి తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు.

తర్వాత స్టేటస్‌ను జాగ్రత్తగా చదవాలి. Editorial Manager వాడే జర్నల్స్‌లో లాగిన్ అయితే `Current Status` పక్కన `Status Date` అనే తేదీ ఉంటుంది. స్టేటస్ మాట మారకుండా తేదీ మాత్రం మారితే లోపల ఏదో జరిగిందని అర్థం. ఒక రివ్యూ వచ్చి ఉండవచ్చు, ఒక రివ్యూయర్ తప్పుకుని ఉండవచ్చు. ఎల్సెవియర్ జర్నల్స్‌లో పేపర్ పంపాక వచ్చే ట్రాకింగ్ పేజీలో ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎన్ని రివ్యూలు పూర్తయ్యాయి అనేవి కూడా కనిపిస్తాయి. ScholarOne లో `Awaiting Reviewer Selection` దగ్గరే ఆగి ఉంటే రివ్యూయర్లు ఇంకా కుదరలేదని. `Awaiting Reviewer Scores` అని ఉంటే రివ్యూలు రావాల్సి ఉందని.

`Required Reviews Completed` అని గానీ, `Decision in Process` అని గానీ కనబడితే మాత్రం వెనక్కి తీసుకునే ఆలోచన మానుకోండి. రివ్యూయర్లు తమ పని చేసేశారు, ఎడిటర్ నిర్ణయం ఒక్కటే మిగిలింది. ఆ సమయంలో వెనక్కి తీసుకుంటే ఇద్దరు ముగ్గురు నిపుణులు ఉచితంగా చేసిన పని వృథా అవుతుంది. ఆ నివేదికలు మన చేతికి రాకుండా పోతే మనకూ నష్టమే.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

ఇది తెలిస్తే మెయిల్‌లో కోపం తగ్గుతుంది, అందుకే చెబుతున్నాను. ఎక్కువసార్లు కారణం రివ్యూయర్లు దొరక్కపోవడం. ఎడిటర్ ఇద్దరి కోసం అడగడం మొదలుపెడితే ఒకరు కుదరదంటారు, ఒకరు జవాబే ఇవ్వరు, ఒకరు ఒప్పుకుని గడువు దాటినా పంపరు. అప్పుడు మళ్లీ మొదటికి. ఇంకొన్నిసార్లు అసోసియేట్ ఎడిటర్ మారిపోతారు, ఆయన కింద ఉన్న పేపర్లు కొత్తవారికి అప్పగించకుండా ఉండిపోతాయి. ఈ రెండో రకం ఆలస్యం మన ఒక్క మెయిల్‌తో తీరిపోవచ్చు. మొదటి రకం తీరడానికి కొంత సాయం కూడా చేయవచ్చు. కాబట్టి ఉపసంహరణ లేఖ మన మొదటి మెయిల్ కాకూడదు. దానికి ముందు రెండు మెయిల్స్ వెళ్లాలి.

మొదటి మెయిల్: స్టేటస్ అడగడం

మన ఉదాహరణలో ఇది 2024 సెప్టెంబరులో, అంటే పంపిన ఏడు నెలలకు వెళుతుంది. కరస్పాండింగ్ ఆథర్, జర్నల్‌లో నమోదైన మెయిల్ అడ్రస్ నుంచే పంపాలి. ఇంకో అడ్రస్ నుంచి వెళితే ఆఫీసువాళ్లు జవాబు ఇవ్వకపోవచ్చు. Editorial Manager లో పేపర్ పక్కనే ఉండే `Send E-mail` లింకు నుంచి పంపితే ఆ మెయిల్ పేపర్ ఫైలుతోపాటే ఉంటుంది. OJS మీద నడిచే జర్నల్ అయితే `Review Discussions` కింద `Add discussion` ద్వారా రాయవచ్చు. సబ్జెక్టు లైనులో పేపర్ నంబరు తప్పనిసరి:

```
Status inquiry: Manuscript ABCD-D-24-00318
```

విషయం మూడు వాక్యాలు చాలు. లేఖ ఇంగ్లీషులో వెళుతుంది, మాటల వరస మాత్రం ఇలా ఉండాలి:

> గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,
> ‘నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్’ అనే మా పేపర్‌ను 2024 ఫిబ్రవరి 5న మీ జర్నల్‌కు పంపాం. ఏప్రిల్ నుంచి అది రివ్యూలో ఉన్నట్టు కనిపిస్తోంది. ప్రస్తుతం ఏ దశలో ఉందో, నిర్ణయం ఎప్పటికి రావచ్చో తెలియజేయగలరా?
> కృతజ్ఞతలతో,

పిలుపు గురించి ఒక మాట. మన దగ్గర అలవాటుగా ‘రెస్పెక్టెడ్ సర్’ అని రాసేస్తాం. ఎడిటర్ మహిళ అయితే అది ఇబ్బందిగా ఉంటుంది. జర్నల్ పేజీలో పేరు చూసి, ప్రొఫెసర్ లేదా డాక్టర్ అని ఇంటిపేరుతో రాయండి. పేరు తెలియకపోతే ‘డియర్ ఎడిటర్’ సరిపోతుంది. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అని మాత్రం వద్దు. మనకు ఏం కావాలో అది చెప్పదు. ఏం కావాలో నేరుగా అడగడమే మర్యాద.

రెండో మెయిల్: దారి చూపి, గడువు చెప్పడం

మొదటి మెయిల్‌కు ‘రెండో రివ్యూయర్ కోసం చూస్తున్నాం’ అని జవాబు వచ్చిందనుకుందాం. ఇది ఉపయోగపడే జవాబు. ఒక రివ్యూయర్ కుదిరారని, ఒక రివ్యూ వచ్చి కూడా ఉండవచ్చని పరోక్షంగా చెప్పినట్టే. ఇంకో రెండు మూడు నెలలు ఆగి, డిసెంబరులో రెండో మెయిల్ రాయాలి. చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే ఉపసంహరణకు వెళ్లిపోతారు. నిజానికి పేపర్‌ను కాపాడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఈ మెయిల్‌లో ఎడిటర్‌కు పని తేలిక చేసే రెండు ప్రతిపాదనలు పెట్టవచ్చు. ఒకటి, చేతిలో ఉన్న నివేదికతో పాటు తమ సొంత పరిశీలన ఆధారంగా నిర్ణయం తీసుకునే వీలుంటే మాకు అభ్యంతరం లేదని. ఇలా చేసే అధికారం చాలా జర్నల్స్‌లో ఎడిటర్‌కు ఉంటుంది. రెండు, కావాలంటే ముగ్గురు నలుగురు రివ్యూయర్ల పేర్లు సూచించగలమని. ఆ పేర్లు ఇచ్చేటప్పుడు నిజాయితీ చాలా ముఖ్యం. మీతో ఇటీవల కలిసి పేపర్ రాసినవారు, మీ సంస్థవారు, మీ గైడ్ దగ్గర చదివినవారు వద్దు. సంస్థ మెయిల్ అడ్రసులే ఇవ్వాలి. కల్పిత మెయిల్ అడ్రసులతో రివ్యూయర్ల పేర్లు ఇచ్చి తమ పేపర్‌కు తామే రివ్యూలు రాసుకున్నవాళ్లు బయటపడ్డాక, ఆ పేపర్లను జర్నల్స్ రద్దు చేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. అందుకే జీమెయిల్ అడ్రసు చూస్తే ఎడిటర్లు వెనకాడతారు.

చివర్లో గడువు చెప్పాలి. బెదిరింపులా ఉండకూడదు, సమాచారంలా ఉండాలి:

> ఈ పేపర్ మా పరిశోధక విద్యార్థిని సిద్ధాంత గ్రంథంలో భాగం. అందువల్ల మా వైపు సమయం పరిమితంగా ఉంది. 2025 జనవరి 31లోగా నిర్ణయం వచ్చే అవకాశం ఉందో లేదో చెప్పగలిగితే, దాన్ని బట్టి మేం తదుపరి అడుగు ఆలోచించుకుంటాం.

సిద్ధాంత గ్రంథం సంగతి నిజమైతేనే రాయండి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చవ్వాలన్న తప్పనిసరి షరతు తీసేశారు. ఆ షరతు ఉందా లేదా అన్నది ఇప్పుడు మీ యూనివర్సిటీ సొంత నియమాన్ని బట్టి ఉంటుంది. ‘యూజీసీ రూల్’ అని ఎడిటర్‌కు రాసేముందు మీ పరీక్షల విభాగంలో అడిగి తెలుసుకోండి.

వెనక్కి తీసుకునే ముందు సహ రచయితల సమ్మతి

గడువు దాటింది, జవాబు లేదు. ఇక వెనక్కి తీసుకోవాలని నిర్ణయించుకున్నారు. ఇది ఒక్కరి నిర్ణయం కాదు. రచయితలందరి సమ్మతి మెయిల్‌లో ఉండాలి. ఫోన్‌లో ‘సరే’ అన్నది చాలదు. మన ఉదాహరణలో ఆ విద్యార్థిని గైడ్‌కూ శాస్త్రవేత్తకూ ఒకే మెయిల్ పెట్టి, ‘ఈ పేపర్‌ను ఉపసంహరించుకోవడానికి నాకు సమ్మతమే’ అన్న జవాబు ఇద్దరి నుంచీ తీసుకోవాలి. కొన్ని జర్నల్స్ అందరి సంతకాలతో లేఖ అడుగుతాయి. ఆ సంగతి జర్నల్ సూచనల పేజీలో `Withdrawal` అన్న మాట వెతికితే దొరుకుతుంది.

అదే పేజీలో ఇంకో రెండు సంగతులు చూసుకోండి. పేపర్ పంపేటప్పుడే కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టించుకున్నారా? మన దేశపు జర్నల్స్‌లో కొన్ని అలా చేస్తాయి. అలాగైతే లేఖలో దాని ప్రస్తావన ఉండాలి. రెండోది, ఉపసంహరణకు ఫీజు. నమ్మదగిన జర్నల్స్ రివ్యూ దశలో ఉన్న పేపర్ వెనక్కి ఇవ్వడానికి సాధారణంగా డబ్బు అడగవు. అడిగిందంటే, ముఖ్యంగా ఆ షరతు ముందుగా ఎక్కడా రాసి లేకపోతే, అది డబ్బు కోసం నడిచే జర్నల్ కావచ్చు. డబ్బు కట్టకుండా, మీ యూనివర్సిటీ లైబ్రేరియన్‌నో రీసెర్చ్ డీన్‌నో సలహా అడగండి.

ఉపసంహరణ లేఖ

మన ఉదాహరణలో ఇది 2025 ఫిబ్రవరి 10న వెళుతుంది. సబ్జెక్టు లైను:

```
Request to withdraw manuscript ABCD-D-24-00318
```

> గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి,
>
> ‘నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్’ అనే మా పేపర్‌ను (నంబరు ABCD-D-24-00318) మీ జర్నల్ పరిశీలన నుంచి ఉపసంహరించుకోవాలని కోరుతున్నాం. దీన్ని 2024 ఫిబ్రవరి 5న పంపాం.
>
> మా వైపు ఉన్న గడువుల వల్ల ఇంకా వేచి ఉండలేని పరిస్థితిలో ఈ నిర్ణయం తీసుకున్నాం. రచయితలు ముగ్గురూ ఇందుకు సమ్మతించారు. వారందరికీ ఈ లేఖ ప్రతి వెళుతోంది.
>
> ఉపసంహరణ పూర్తయినట్టు, పంపేటప్పుడు మేం సంతకం చేసిన కాపీరైట్ పత్రం ఇక చెల్లదని లేఖ ద్వారా ధ్రువీకరించమని కోరుతున్నాం. రివ్యూ నివేదికలు ఏవైనా ఇప్పటికే అంది ఉంటే, వాటిని మాకు పంపే వీలుంటే ఎంతో ఉపయోగపడతాయి.
>
> మా పేపర్ కోసం మీరూ రివ్యూయర్లూ వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు.
>
> భవదీయులు,

మొదటి వాక్యంలోనే ఏం కోరుతున్నామో వచ్చేసింది చూడండి. ఎడిటోరియల్ ఆఫీసులో ఈ మెయిల్ చదివేవాళ్లు రోజుకు ఎన్నో మెయిల్స్ చూస్తారు. మూడో పేరాలో ఎక్కడో ‘విత్‌డ్రా’ అన్న మాట దాక్కుంటే, దీన్ని ఇంకో స్టేటస్ మెయిల్ అనుకుని పక్కన పెట్టేస్తారు. ‘వీలైతే ఉపసంహరించుకోవాలని అనుకుంటున్నాం’ లాంటి నానబెట్టే వాక్యాలు కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి. అది కోరికా, ఆలోచనా అని వాళ్లు తిరిగి అడగాల్సి వస్తుంది.

కారణం ఒక్క వాక్యమే. ఏడాది ఆలస్యం ఎడిటర్‌కు తెలియనిది కాదు, పంపిన తేదీయే చెబుతుంది. ‘మీ నిర్లక్ష్యం వల్ల’ అని రాస్తే కడుపుమంట తీరవచ్చు. కానీ ఒక చిన్న రంగంలో అదే ఎడిటర్ రేపు ఇంకో జర్నల్‌లో మీ రివ్యూయర్ కావచ్చు, మీ థీసిస్‌కు పరీక్షకులు కూడా కావచ్చు. అలాగని లేని కారణం కల్పించకూడదు. ‘డేటాలో తప్పు దొరికింది’ అని అబద్ధం రాస్తే, అదే డేటాతో ఇంకోచోట పేపర్ వచ్చినప్పుడు అది పెద్ద ప్రశ్న అవుతుంది.

‘వేరే జర్నల్‌కు పంపుతున్నాం’ అని, ఆ జర్నల్ పేరుతో సహా రాయాల్సిన అవసరం లేదు. అది మీ ఇష్టం.

కొన్ని జర్నల్స్ ScholarOne లో రచయితకు ఉపసంహరణ బటన్ ఇస్తాయి. బటన్ నొక్కినా ఈ లేఖ పంపండి. సమ్మతి, కాపీరైట్, ధ్రువీకరణ సంగతులు బటన్‌తో నమోదు కావు.

ధ్రువీకరణ వచ్చేదాకా

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. లేఖ పంపిన రోజే కొత్త జర్నల్‌కు అప్‌లోడ్ చేసేస్తారు. ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపకూడదని వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ సంఘం ఐసీఎంజేఈ సిఫార్సుల్లో స్పష్టంగా ఉంది. ఇతర రంగాల జర్నల్స్ సూచనల్లోనూ ఇదే మాట ఉంటుంది. ఇది ఎలా బయటపడుతుందంటే, నల్లగొండ ఫ్లోరైడ్ మీద లోతుగా పనిచేసినవాళ్లు కొద్దిమందే. రెండు జర్నల్సూ అడిగేది వాళ్లనే. ఒకే రివ్యూయర్‌కు ఒకే పేపర్ రెండు చోట్ల నుంచి వస్తే ఆయన ఇద్దరు ఎడిటర్లకూ చెబుతారు. అప్పుడు రెండు చోట్లా తిరస్కరణ తప్పదు, విషయం మీ సంస్థ దాకా వెళ్లవచ్చు.

కాబట్టి ఆగండి. ఆ వ్యవధిలో కొత్త జర్నల్ ఫార్మాట్‌కు పేపర్‌ను మార్చుకోవచ్చు, ఏడాదిలో వచ్చిన కొత్త పరిశోధనల ప్రస్తావన చేర్చవచ్చు. అప్‌లోడ్ మాత్రం చేయకండి. జవాబు వచ్చాక లాగిన్ అయి స్టేటస్ `Withdrawn` అని మారిందో లేదో చూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్‌నూ మెయిల్‌నూ పీడీఎఫ్‌గా దాచుకోండి.

రెండు వారాలు దాటినా జవాబు రాకపోతే అదే మెయిల్ గొలుసులో, ప్రధాన ఎడిటర్‌కూ ఎడిటోరియల్ ఆఫీసుకూ ప్రచురణ సంస్థ సహాయ కేంద్రానికీ కలిపి మళ్లీ రాయండి. పాత లేఖ తేదీ చెప్పి, ధ్రువీకరణ కోరండి. అదీ ఫలించకపోతే మూడో మెయిల్‌లో ఫలానా తేదీలోగా అభ్యంతరం తెలపకపోతే పేపర్ ఉపసంహరణ జరిగినట్టు భావిస్తామని రాయవచ్చు. ఇది చివరి మార్గం. ఇలా చేసినప్పుడు కొత్త జర్నల్ కవర్ లెటర్‌లో జరిగింది రెండు వాక్యాల్లో చెప్పి, మెయిల్స్ కాపీలు కావాలంటే ఇస్తామని రాయాలి. దాచిపెడితేనే అనుమానం. ఆ జర్నల్ కోప్ అనే ప్రచురణ నీతి సంఘంలో సభ్యురాలైతే, ముందు జర్నల్ సొంత ఫిర్యాదు పద్ధతి పూర్తి చేసి, అప్పటికీ తేలకపోతే కోప్‌ను ఆశ్రయించవచ్చు. నేరుగా కోప్‌కు వెళితే తీసుకోరు.

ఒక్కోసారి లేఖ వెళ్లిన రెండు రోజులకే ‘మైనర్ రివిజన్’ నిర్ణయం వచ్చేస్తుంది. మన మెయిల్ చూసి ఎడిటర్ కదిలి ఉండవచ్చు, యాదృచ్ఛికం కూడా కావచ్చు. ధ్రువీకరణ ఇంకా రాలేదు, కొత్త చోటికి పంపలేదు కాబట్టి, సహ రచయితలను అడిగి ఉపసంహరణ అభ్యర్థనను విరమించుకుంటున్నట్టు వెంటనే రాయవచ్చు. ఏడాది నిరీక్షణ తర్వాత చిన్న మార్పులతో పేపర్ అంగీకారానికి దగ్గరైతే వదులుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. మేజర్ రివిజన్ అయితే ఆ జర్నల్ రెండో విడత కూడా అంతే కాలం తీసుకోవచ్చని లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. ఏదైనా సరే ఒకటి రెండు రోజుల్లో స్పష్టంగా జవాబు ఇవ్వాలి.

ప్రిప్రింట్ పెట్టి ఉంటే దాన్ని తొలగించనక్కర్లేదు. జర్నల్ నుంచి వెనక్కి తీసుకోవడానికీ ప్రిప్రింట్‌కూ సంబంధం లేదు. arXiv `Comments` గడిలో పాత జర్నల్‌కు పంపినట్టు రాసి ఉంటే ఆ మాట మాత్రం సవరించండి. ఇక కొత్త జర్నల్ ఫారంలో ‘ఇంతకుముందు వేరే చోటికి పంపారా’ అని అడిగితే, అవునని, రివ్యూ ఆలస్యం వల్ల ఫలానా తేదీన ఉపసంహరించుకున్నామని రాయండి. అడగకపోతే కవర్ లెటర్‌లో ఆ ప్రస్తావన తేవాల్సిన పనిలేదు.